రొయ్య వీపున నల్ల నరం: విషమా, వట్టి మురికా?

శనివారం నీచు ముట్టని ఇళ్ళు తిరుపతిలో ఎక్కువ. ఆ కరువంతా ఆదివారం పొద్దున తీరుతుంది కాబట్టి, ఆ రోజు చేపల దుకాణాల ముందు గుంపు కనిపిస్తుంది. రొయ్యలు తూచాక దుకాణదారు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: తల తీసి ఇవ్వాలా, నరం కూడా తీయాలా? నరం తీస్తే కిలోకు కొంత అదనం. గుంపు ఎక్కువగా ఉంటే ఆ పనికి ఒప్పుకోరు కూడా. అలా నరంతోనే ఇంటికి వచ్చిన రొయ్యలను చూసి, వాటిని అలాగే వండితే ఏమవుతుందోనన్న భయం వంటింట్లో మొదలవుతుంది. అది విషమని ఒకరు, కడుపునొప్పి ఖాయమని ఇంకొకరు, తరతరాలుగా అలాగే తిన్నామని పెద్దవాళ్ళు. ముగ్గురి మాటలో పెద్దవాళ్ళ మాటే నిజానికి దగ్గర. అయితే అది ఎందుకు నిజమో, ఎక్కడ నిజం కాకుండా పోతుందో తెలియాలంటే ముందు ఆ గీత ఏమిటో చూడాలి.

అది నరం కాదు, రక్తనాళమూ కాదు. రొయ్య రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది. అందువల్ల అది ఎర్రగా ఉండదు. దాదాపు రంగు లేకుండా, ప్రాణవాయువు కలిసినప్పుడు లేత నీలి ఛాయతో ఉంటుంది. దాన్ని మోసే నాళాలు కొన్ని వీపు వైపు ఉన్నా అవి పారదర్శకం, వంటింటి వెలుతురులో కంటికి ఆనవు. అసలు నరం అనదగినది రొయ్యకు కడుపు వైపు, కాళ్ళ మొదళ్ళ మధ్యగా ఉంటుంది. తెల్లటి సన్నని దారంలా కనిపించే దాన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవలసిన పనీ లేదు. వీపు మీద నల్లగా కనిపించేది పేగు. తలలో ఉండే జీర్ణాశయంలో గట్టి పళ్ళ వంటి నిర్మాణాలు ఆహారాన్ని నలుపుతాయి. దాని పక్కనే ఉండే జీర్ణగ్రంథి, అంటే తల విరిచినప్పుడు పసుపుగానో గోధుమ రంగులోనో కారే మెత్తటి పదార్థం, దాన్ని అరిగిస్తుంది. మిగిలింది ఒక సన్నటి గొట్టంలోకి దిగి, వీపు పొడవునా నడిచి, తోక మొదట్లో కింది వైపున బయటికి పోతుంది. ఆ గొట్టమే మన గీత.

నల్లగా కనిపించేది గొట్టం గోడ కాదు, లోపల ఉన్న సరుకు. ఖాళీగా ఉన్న పేగు దాదాపు కనిపించదు. కాబట్టి ఒకే కిలోలో ఒక రొయ్యకు ముదురు గీత, పక్కదానికి సగం గీత, ఇంకోదానికి అసలేమీ లేకపోవడం చూసి కల్తీ జరిగిందని అనుకోనక్కరలేదు. పట్టే సమయానికి ఏది ఎంత తిని ఉందో దాని లెక్క అంతే. చెరువు రొయ్యలకు వేసే మేత గోధుమ రంగు గుళికలు. అవి నిండిన పేగు గోధుమ రంగులో ఉంటుంది. మేత చాలక చెరువు అడుగున పేరుకున్న మట్టి, కుళ్ళిన నాచు తింటే గీత నల్లబడుతుంది. రొయ్యలు సాగు చేసేవారు దీన్ని చదువుకున్న పుస్తకంలా చదువుతారు. మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్ళలో దించే చెక్ ట్రేను పైకి లాగి, రొయ్యను వెలుతురుకు ఎత్తి, పేగు నిండుగా ఉందా, మధ్యలో తెగిందా, ఏ రంగులో ఉందా అని చూస్తారు. పేగు తెల్లగా మారితే వాళ్ళకు గుండె జారుతుంది. దాన్ని వైట్ గట్ అంటారు. చెరువులో జబ్బు మొదలైందని సూచన. ఆ జబ్బు రొయ్యకే, తినేవాళ్ళకు అంటదు. రైతుల్ని ముంచిన వైట్ స్పాట్ వైరస్ సంగతీ అంతే. మనిషికి అది సోకదు.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. పెద్ద ఆడ టైగర్ రొయ్యల్లో వీపు మీద పేగుకు ఆనుకుని వెడల్పుగా, ఆకుపచ్చ కలిసిన ముదురు రంగులో మరో పట్టీ కనిపిస్తుంది. పేగు దారంలా సన్నగా ఉంటే ఇది రిబ్బనులా ఉంటుంది, తల దగ్గర మరీ వెడల్పు. అది అండాశయం. మురికి అనుకుని దాన్ని గీకి పారేస్తారు గాని అది తినదగినదే, రుచి కూడా ఉంటుంది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యలను ఆ వయసు రాకముందే పట్టేస్తారు కాబట్టి వాటిలో ఇది కనిపించదు. సముద్రంలో పట్టిన పెద్ద సరుకులోనే ఎదురవుతుంది.

సరే, పేగులో ఉన్నది రొయ్య మలమే. మాట మెత్తగా చెప్పి లాభం లేదు. మలమంటే తినకూడదనే భావన సహజం. కానీ అసహ్యం వేరు, హాని వేరు. తిరుపతి, చిత్తూరు సంతల్లో దొరికే ఎండు రొయ్యలను చూడండి. వేలిగోరంత రొయ్యను తల, పేగు, పొట్టు అన్నీ ఉండగానే ఎండబెడతారు. వంకాయలోనో చింతచిగురులోనో వేసి వండుతారు. నెత్తళ్ళ వంటి చిన్న చేపలను పేగుతోనే వేయించుకునే ఇళ్ళు ఎన్నో. ఎండు రొయ్యల పొడి కలిపి రాగి సంగటి తిన్నవాళ్ళెవరూ దానిలోని పేగుల సంఖ్య లెక్కపెట్టలేదు. ఎగుమతి వ్యాపారంలో కూడా రెండు రకాల సరుకు విడివిడిగా నడుస్తుంది. పొట్టు తీసి పేగు కూడా తీసినది పి.డి., పొట్టు మాత్రమే తీసి పేగు ఉంచేసినది పి.యు.డి. పేగు ఉండటమే హాని అయితే రెండో రకం పెట్టె దాటి పోకూడదు. అది దర్జాగా పోతోంది. ధరలోనే తేడా, అనుమతిలో కాదు.

హాని ఎక్కడినుంచి రావచ్చో ఇప్పుడు చూద్దాం. పేగులో సూక్ష్మజీవులుంటాయి. ఉప్పునీటి రొయ్యలకు సంబంధించి చెప్పుకోవలసినది విబ్రియో అనే బ్యాక్టీరియా కుటుంబం. దానిలో ఒక రకం పచ్చి రొయ్యలు, సరిగా ఉడకని రొయ్యలు తిన్నవారికి వాంతులు, విరేచనాలు తెస్తుంది. అయితే ఇది పేగులోనే కాపురం ఉండదు. పొట్టు మీద ఉంటుంది, మొప్పల్లో ఉంటుంది, రొయ్యను తోడిన నీళ్ళలో ఉంటుంది. కాబట్టి పేగు తీసినంత మాత్రాన అది పోదు. దాన్ని పోగొట్టేది వేడి ఒక్కటే. రొయ్య మధ్యభాగం 63 డిగ్రీలు దాటితే సరిపోతుంది. ఉడుకుతున్న పులుసులో వేసిన రొయ్య ఆ స్థాయిని కొద్ది నిమిషాల్లోనే దాటేస్తుంది. కళ్ళతో గుర్తు పట్టాలంటే, అద్దంలా కనిపించే మాంసం మధ్యదాకా తెల్లబడి, లేత గులాబీ రంగు పట్టి, వేలితో నొక్కితే గట్టిగా తగలాలి. మన ఇగురు, పులుసు, వేపుడు ఏవీ ఈ వేడికి దిగువన ఆగవు. అసలు మన ఇళ్ళలో రొయ్యను తక్కువ ఉడికించడం కాదు, రబ్బరు చేసేదాకా ఉడికించడమే తరచు జరిగే తప్పు.

మరి జాగ్రత్త పడవలసిన చోటు ఎక్కడ? హోటళ్ళలో పెద్ద రొయ్యను చీల్చి, నిప్పుల మీద రెండు వైపులా కొద్దిసేపే కాల్చి ఇచ్చేటప్పుడు. పైన మాడి, మధ్యలో ఇంకా అద్దంలా ఉంటే ఆ రొయ్యను వెనక్కి పంపాలి. అప్పుడు కూడా తప్పు పేగుది కాదు, నిప్పుది.

ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగితే క్రిములు పోతాయన్నది మరో నమ్మకం. నీచు వాసన తగ్గుతుంది, జిగురు పోతుంది, ఆ మేరకు అది మంచి అలవాటే. కానీ విబ్రియో ఉప్పునీళ్ళలో పుట్టి పెరిగేది. ఉప్పంటే దానికి భయం లేదు, ఇష్టం. ఉప్పు కన్నా మంచినీళ్ళే దానికి ఎక్కువ ఇబ్బంది. అయినా ఏ కడుగుడూ వంటకు ప్రత్యామ్నాయం కాదు.

ఇక్కడ ఒక వింత ఉంది. పేగు తీసే పనిలోనే ప్రమాదం పెరిగే అవకాశం ఉంది. రొయ్యలను చీల్చి, పేగు లాగి, అదే చేతులతో అదే కత్తిపీట మీద ఉల్లిపాయలు, కీరదోసకాయ తరిగితే, మంట మీదికి వెళ్ళని ఆ ముక్కలకు బ్యాక్టీరియా అంటుకుంటుంది. ఉడికిన రొయ్య కాదు, పక్కన పెట్టిన పెరుగు పచ్చడి కడుపు పాడు చేస్తుంది. ఆ రాత్రి బాధపడ్డవాళ్ళు మాత్రం 'నరం సరిగా తీయలేదు' అని నింద రొయ్య మీదనే వేస్తారు. పచ్చిగా తినేవన్నీ ముందు తరిగి పక్కన పెట్టుకుని, రొయ్యల పని ఆఖరున చేసి, సింకు, కత్తి, చేతులు సబ్బుతో కడుక్కుంటే ఈ గొడవ ఉండదు.

పేగు తీసినా తీయకపోయినా మారనివి మరి రెండున్నాయి. రొయ్యలు పడనివారికి దద్దుర్లు, ఆయాసం తెచ్చేది ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి. అది కండలోనే ఉంటుంది, ఉడికించినా చావదు. కాబట్టి 'నరం తీసి వండితే ఏమీ కాదు, కొంచెం రుచి చూడు' అని అలర్జీ ఉన్నవారిని బలవంతం చేయడం నేరం లాంటిది. రెండోది యాంటీబయాటిక్ మందుల శేషాలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి రొయ్యల సాగులో వాడటం మన దేశంలో నిషేధం. నిషేధాన్ని దాటి ఎవరైనా వాడితే ఆ శేషం కండలో చేరుతుంది. దారాన్ని పారేసి దాన్ని వదిలించుకోలేము, వండి కూడా వదిలించుకోలేము. కాడ్మియం వంటి లోహాలు చేరేది కూడా ప్రధానంగా తలలోని జీర్ణగ్రంథిలో. అంటే భయపడి తీసి పారేయవలసిన భాగమేదైనా ఉందంటే అది పేగు కన్నా ముందు తల. విచిత్రమేమిటంటే తలను చప్పరించి తినేవారే గీత చూసి ముఖం చిట్లిస్తారు.

తల సంగతి వచ్చింది కాబట్టి కాలం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే రొయ్య విషయంలో అసలు శత్రువు అదే. చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. తిరుపతి జిల్లాకు తూర్పున సూళ్ళూరుపేట, తడ వైపు పులికాట్ సరస్సు ఉంది. అక్కడి నుంచి గాని, నెల్లూరు తీరపు చెరువుల నుంచి గాని సరుకు రావాలంటే రోడ్డు మీదనే రెండు గంటలు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రొయ్య చచ్చిన క్షణం నుంచి తలలోని జీర్ణగ్రంథిలో ఉన్న రసాలు ఆహారాన్ని వదిలి సొంత కండనే అరిగించడం మొదలుపెడతాయి. పేగు గోడ కూడా అలాగే పలచబడుతుంది. సరైన ఐసులో, అంటే రొయ్యలెంతో ఐసూ అంత, పొరలు పొరలుగా వేసి తెస్తే ఈ పని చాలా నెమ్మదిస్తుంది. ఐసు కరిగి నీళ్ళలో తేలే రొయ్యల్లో ఆగదు. విబ్రియో వెచ్చటి వాతావరణంలో అరగంట లోపే రెట్టింపు కాగలదు. అరగంట లెక్కనే తీసుకున్నా, దుకాణం బల్ల మీద రెండు గంటలు ఐసు లేకుండా పడున్న రొయ్యలో అది 16 రెట్లవుతుంది.

ఒక కిలో సరుకును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఇదంతా స్పష్టమవుతుంది. 50 కౌంటు వనామీ అనుకుందాం. కౌంటు అంటే కిలోకు ఎన్ని తూగుతాయో ఆ సంఖ్య. కాబట్టి ఒక్కొక్కటి 20 గ్రాములు. తల, పొట్టు పోతే వంటకు మిగిలేది సుమారు అరకిలో. దుకాణంలోనే చూడవలసింది గీత కాదు, మెడ. తల, ఒళ్ళు కలిసే చోట బిగువుగా ఉంటే సరుకు తాజాది. ముట్టుకోగానే తల వేలాడితే, మెడ దగ్గర మాంసం నల్లబడి పిండిలా మెత్తగా ఉంటే జీర్ణరసాలు పని మొదలుపెట్టాయని అర్థం. పొట్టు మీద, తోక అంచుల్లో నల్ల మచ్చలు కనిపించవచ్చు. అవి గాలి తగిలి రొయ్యలోని ఒక ఎంజైము చేసే రంగు మార్పు, కోసిన ఆపిలు నల్లబడినట్టు. ఒక్క మచ్చతోనే సరుకు చెడిందని కాదు, గాలికి, వేడికి ఎంతసేపు ఉందో చెప్పే గుర్తు అది. అసలు తీర్పు ముక్కుదే. సముద్రపు వాసన సరే, అమోనియా ఘాటు వస్తే నరం తీసినా ఉంచినా ఆ కిలో ఇంటికి రాకూడదు.

ఇంటికి వచ్చాక తల విరిచేటప్పుడు నెమ్మదిగా లాగితే కొన్నిసార్లు పేగు కూడా దానితో వచ్చేస్తుంది. రాకపోతే ఒళ్ళును కొద్దిగా వంచి, తల వైపు నుంచి రెండో, మూడో పొట్టు కట్ల మధ్య, గీతకు కొద్దిగా కింద పళ్ళపుల్లను గుచ్చి పైకి ఎత్తాలి. దారం లూపులా పైకి లేస్తుంది. దాన్ని వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా లాగితే తోక దాకా ఒకే ముక్కగా రావాలి. అలా రావడానికి కారణం, రొయ్య పేగులో మలం చుట్టూ ఒక సన్నటి పొర గొట్టంలా ఏర్పడి ఉండటం. తాజా రొయ్యలో ఈ పొర, పేగు గోడ గట్టిగా ఉంటాయి. దాదాపు ప్రతి రొయ్యలోనూ అది ముక్కలై, నల్లటి నీళ్ళుగా కారి, మాంసానికి రంగు అంటిస్తోందంటే సరుకు పాతదని గానీ, గడ్డకట్టి కరిగినదని గానీ అనుమానించాలి. ఒకటి రెండు తెగడం మామూలే. కత్తితో వీపు చీల్చడం సులువైన పద్ధతే గాని, వేపుడుకు పనికొస్తుంది తప్ప పులుసులో ఆ రొయ్య విచ్చుకుపోయి ఆకారం పోగొట్టుకుంటుంది.

రొయ్యకు అరనిమిషం చొప్పున 50 రొయ్యలకు 25 నిమిషాలు. వంట చేసే మనిషి ఎండాకాలపు వంటింట్లో ఆ 25 నిమిషాలు గిన్నె బయట పెట్టుకుని కూర్చుంటే, ఇందాక చెప్పిన రెట్టింపుల లెక్క అక్కడ కూడా నడుస్తుంది. అందుకే ఒక గిన్నెలో ఐసునీళ్ళు పెట్టుకుని, పదేసి రొయ్యలు మాత్రమే బయటికి తీస్తూ పని చేయడం మేలు. 'నరం తీయడానికి టైము లేదు' అన్నవారి మీద చిరాకు పడేవారు ఈ లెక్కను ఒకసారి చేసి చూసుకోవాలి. ఆదివారం పూట ఆ పని మీద పడేది ఎవరికో చెప్పనక్కరలేదు.

ఇంత కష్టం ఎందుకు పడాలంటే, ఆరోగ్యం కోసం కాదు, నోటి కోసం. పులికాట్ లాంటి లోతు తక్కువ ఉప్పు కయ్యల్లో, సముద్రపు అడుగున తిరిగే రొయ్యలు మట్టిలో దూరి బతుకుతాయి. వాటి పేగులో సన్నటి ఇసుక ఉంటుంది. పంటికింద కరకరమంటే ఎంత మంచి పులుసైనా వృథా. నాచు, కుళ్ళిన ఆకులు తిన్న రొయ్య పేగు కొద్దిగా చేదు కూడా. కొబ్బరి పాలు పోసి చేసే లేత రంగు కూరలో ఆ మట్టి రుచి పైకి తేలుతుంది, నల్ల గీత కంటికి కొడుతుంది. కారం, చింతపండు దట్టంగా వేసిన చిత్తూరు తరహా పులుసులో రెండూ మాయమవుతాయి. పెద్ద రొయ్యకు పేగు లావు కాబట్టి తీయడం సబబు. 100 కౌంటు దాటిన చిన్న రొయ్యకు దారం వెంట్రుకంత. తీయబోతే కండ నలిగి సగం సింకులో పోతుంది. గీత కనిపించని రొయ్యను చీల్చి వెతకడం మరీ అనవసరం, అక్కడ తీయడానికి ఏమీ లేదు.

చెరువు రొయ్యల్లో గీత తక్కువ కనిపించడానికి ఒక చిన్న కారణముంది. మంచి రైతు పట్టుబడికి కొన్ని గంటల ముందే మేత ఆపేస్తాడు. తిన్నది కొద్ది గంటల్లోనే పేగు దాటిపోతుంది కాబట్టి వల లాగే సమయానికి చాలా రొయ్యల కడుపు ఖాళీ. ఇలా చేస్తే సరుకు ఎక్కువసేపు నిలుస్తుంది, కొనే కంపెనీ పేచీ పెట్టదు. ధర పడిపోతోందని హడావిడిగా పట్టినప్పుడు మాత్రం మేత నిండిన పేగులతోనే లారీ ఎక్కేస్తాయి. దుకాణంలో కిలో మొత్తం ముదురు గీతలతో కనిపించిన రోజున, తిరుపతికి వంద కిలోమీటర్ల అవతల ఎవరి చెరువులోనో ముందురోజు తొందర పడ్డారని ఊహించవచ్చు. అలాంటప్పుడు దుకాణదారును అడగవలసింది నరం తీసి ఇస్తారా అని కాదు, ఈ సరుకు ఎప్పుడు పట్టారు, దారిలో ఐసు ఎన్నిసార్లు మార్చారు అని.